మర్రిచెట్టు కింద రేకు పెట్టె

1930 సెప్టెంబరులో, బెంగళూరులో, అమ్మమ్మ చూసిపెట్టిన మంచిరోజున ఆర్.కె. నారాయణ్ ఒక నోటుబుక్కు కొనుక్కుని నవల రాయడానికి కూర్చున్నాడు. అప్పుడు తన మనసులో మెదిలింది ఒక చిన్న రైల్వే స్టేషన్ అనీ, దానితోపాటే మాల్గుడి అన్న పేరూ వచ్చిందనీ ఆత్మకథలో చెప్పుకున్నాడు. ఆ ప్లాట్‌ఫారం మీద పరుగెడుతూ కనిపించిన కుర్రాడే స్వామినాథన్.

‘ఈ నవలలో ఊరే ఒక పాత్ర’ అని సమీక్షకులు తరచుగా అంటుంటారు. నాలుగు కొబ్బరిచెట్లు, ఒక కాలవ, కోడికూత ఉంటే చాలు, ఆ మాట పడిపోతుంది. నా మటుకు నాకు పాత్ర అంటే ఏదో ఒకటి చెయ్యాలి. ఒకరికి పని ఇవ్వాలి, ఇంకొకరికి అడ్డం పడాలి, అవసరమైతే పగ తీర్చుకోవాలి. మాల్గుడి ఇవన్నీ చేసిన నవల ఒకటుంది. 1952లో వచ్చిన ‘ది ఫైనాన్షియల్ ఎక్స్‌పర్ట్’.

అందులో హీరో మార్గయ్య. ఇంట్లో పెట్టిన పేరు కృష్ణ. అప్పు పుట్టే దారి చూపిస్తాడు కనక ఊరు అతన్ని మార్గయ్యను చేసింది. మన ఊళ్లలోనూ అంతే కదా, బారసాలనాటి పేరు ఒకటి, ఊరు పిలిచే పేరు ఇంకొకటి. భూముల మీద అప్పులిచ్చే సహకార బ్యాంకు ఎదుట ఒక మర్రిచెట్టు ఉంటుంది. దాని కింద రేకు పెట్టె పెట్టుకుని కూర్చోవడమే అతని ఉద్యోగం. బ్యాంకు దరఖాస్తులు, సిరాబుడ్డి, ఖాతా పుస్తకం ఆ పెట్టెలోనే ఉంటాయి. పల్లెల నుంచి వచ్చిన రైతుకి లోపలి గుమ్మం చూస్తే భయం, బయటి చెట్టు నీడలో మాత్రం ధైర్యం. ఎవరికి ఎంత బాకీ ఉందో, ఏ అప్పు తెచ్చి ఏ అప్పు తీర్చాలో మార్గయ్యకి కంఠతా వచ్చు. అతని సంపాదనంతా ఆ గుమ్మానికీ ఈ చెట్టుకీ మధ్యనున్న నాలుగడుగుల్లోనే ఉంది. చెట్టును కథలోంచి తీసేసి చూడండి, మార్గయ్య అనే మనిషే ఉండడు.

బ్యాంకు కార్యదర్శి, బంట్రోతు అరుళ్ దాస్ వచ్చి అతన్ని చులకన చేసినప్పుడు మొదటి దెబ్బ తగులుతుంది. రెండో దెబ్బ ఇంటి ముందే ఉంది. కొడుకు బాలు ఆటకోసమో మొండితనానికో ఖాతా పుస్తకాన్ని వీధి మురుగుకాలువలోకి విసిరేస్తాడు. ఇక అది దొరకదు. మురుగుకాలువ లేని వీధి ఏ ఊళ్లో ఉంది? మొదటి పేజీల్లో వీధి వర్ణనలో భాగమై పడుండే వస్తువొకటి ఇక్కడ ఒక మనిషి జీవనోపాధిని మింగేసింది. దాంతో మార్గయ్య లక్ష్మీకటాక్షం కోసం పూజ మొదలెడతాడు. దానికి ఎర్రతామర కావాలి. తామర కోసం ఊరవతల పాడుబడ్డ తోటలోని కోనేటికి వెళ్తే అక్కడ డాక్టర్ పాల్ తగులుతాడు. ఆయన చేతిలో పెట్టిన దాంపత్యశాస్త్రపు రాతప్రతి అచ్చయి, మార్గయ్యను ధనవంతుణ్ని చేస్తుంది. చెట్టు, కాలువ, కోనేరు. మలుపు తిరిగిన ప్రతిచోటా ఊరే చెయ్యి వేసింది.

అసలు దెబ్బ చివర్లో ఉంది. అప్పటికి మార్గయ్య జనం దగ్గర డిపాజిట్లు తీసుకుని పెద్ద వడ్డీ ఇచ్చే స్థితికి చేరాడు. కొడుకుని చెడగొట్టాడని పాల్‌ని కొడతాడు. పాల్ కోర్టుకెక్కడు, తిరిగి చెయ్యెత్తడు. మార్గయ్య దగ్గర డబ్బు భద్రం కాదన్న మాటను ఊళ్లో వదిలేస్తాడు, అంతే. ఇంటి ముందు జనం గుంపులు కడతారు. ఇచ్చేకొద్దీ ఇంకా వస్తారు. ఆ గుంపులో ఒక్కొక్కరికీ పేరు, ముఖం అక్కర్లేదు. మాట్లాడుతున్నది మాల్గుడే. చిన్న ఊళ్లో పేరు పెట్టేదీ, పరపతి ఇచ్చేదీ, ఒక్క పూటలో లాక్కునేదీ ఒకే నోరు. మహానగరంలో ఈ ముగింపు నమ్మించడం కష్టం.

మాల్గుడి చూడనిదీ ఉంది. ఆ రైతుల పల్లెలు మనకి దాదాపు కనిపించవు. వాళ్లు చెట్టు కిందికి వచ్చినప్పుడే మనుషులు. తెలుగులో ఉన్నవ లక్ష్మీనారాయణ 1922 నాటికే కథను ఊరి చివర వాడలోకి తీసుకెళ్లి, నవలకు ‘మాలపల్లి’ అని దాని పేరే పెట్టాడు. విశ్వనాథ ‘వేయిపడగలు’లో సుబ్బన్నపేట ఇంకో తీరు. అది మనుషులతోపాటు ముసలిదవుతుంది, ఒక్కొక్క పడగా రాలుతుంది. మాల్గుడికి ముసలితనం అంత తేలిగ్గా రాదు. అక్కడి మార్కెట్ రోడ్డు మీదే 1961లో ‘ది మ్యాన్ ఈటర్ ఆఫ్ మాల్గుడి’లో నటరాజ్ తన అచ్చాఫీసు నడుపుతూ కూర్చున్నాడు.

దివాలా తీసిన మార్గయ్య ఆఖరి పేజీల్లో ఏం చేస్తాడంటే, కొడుకుని పిలిచి ఆ పాత పెట్టె తీసుకెళ్లి మర్రిచెట్టు కింద కూర్చోమంటాడు. బాలు సందేహిస్తే, తనే వెళ్లడానికి సిద్ధపడతాడు. చెట్టు అక్కడే ఉంది.