జాయినింగ్ డేట్ అడిగితే ఏం రాయాలి?

బ్రిటన్ కంపెనీ ఆఫర్ లెటర్ పంపిన కొద్దిరోజులకే హెచ్ఆర్ నుంచి ఒక మెయిల్ వస్తుంది. అందులో మొదటి ప్రశ్న, ఎప్పుడు చేరతారని. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నవారు చాలామంది ఉత్సాహంగా ఒక తేదీ రాసేస్తారు. ఆ తేదీ హెచ్ఆర్ దగ్గరే ఆగదు. కంపెనీ జారీచేసే సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్‌లో, అంటే అందరూ ‘కాస్’ అని పిలిచే ఎలక్ట్రానిక్ రికార్డులో, ఉద్యోగం మొదలయ్యే తేదీగా నమోదవుతుంది. అక్కడి నుంచి అది బ్రిటన్ హోం ఆఫీస్ లెక్క.

స్కిల్డ్ వర్కర్ వీసాకు కాస్‌లోని తేదీకి మూడు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు, అంతకన్నా ముందు కుదరదు. వేలిముద్రలు ఇచ్చాక నిర్ణయానికి మామూలుగా మూడు వారాలు పడుతుంది. ఇక ఇక్కడి కంపెనీల్లో నోటీస్ పీరియడ్ చాలాచోట్ల 90 రోజులు. వీసా చేతికి రాకుండా రాజీనామా చేయడానికి ఎవరికీ మనసొప్పదు, అది న్యాయమే. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

ఒక లెక్క వేద్దాం. కాస్‌లో చేరే తేదీ ఆగస్టు 18 అనుకుందాం. దరఖాస్తు మే 18న పెట్టి, మే 21న వేలిముద్రలు ఇస్తే, జూన్ 11కి వీసా వస్తుంది. జూన్ 12న రాజీనామా ఇస్తే 90 రోజులు సెప్టెంబరు 9తో ముగుస్తాయి. అంటే ఎంత చురుగ్గా కదిలినా రాసిన తేదీకి మూడు వారాలు ఆలస్యం తప్పదు. నిబంధనల ప్రకారం కాస్ తేదీ, వీసా అమల్లోకి వచ్చే తేదీ, వీసా మంజూరైనట్టు తెలిపిన తేదీ, ఈ మూడింటిలో ఏది చివరిదైతే దాని నుంచి 28 రోజుల్లో చేరాలి. ఈ లెక్కలో గడువు సెప్టెంబరు 15. రిలీవ్ అయ్యాక విమానం ఎక్కి, లండన్‌లో దిగి, ఆఫీసుకు వెళ్లడానికి మిగిలేది వారం కూడా కాదు. వీసా పది రోజులు ఆలస్యమైతే అదీ ఉండదు.

28 రోజులు దాటితే వీసా వెంటనే పోదు. కంపెనీ పది పనిదినాల్లో హోం ఆఫీస్‌కు ఆలస్యాన్ని, కారణాన్ని తెలపాలి. పాత ఉద్యోగంలో నోటీస్ పూర్తిచేయాల్సి రావడాన్ని హోం ఆఫీస్ సరైన కారణంగానే ఒప్పుకుంటుంది. కానీ ఆ సంగతి హెచ్ఆర్‌కు ముందే తెలిసి ఉండాలి. ఆఖరి వారంలో బతిమాలుతూ రాసే మెయిల్‌కు, మొదటి మెయిల్‌లోనే చెప్పిన మాటకు చాలా తేడా ఉంటుంది.

అందుకే జవాబు ఇలా ఉంటే మేలు: “ప్రస్తుత కంపెనీలో నా నోటీస్ 90 రోజులు. వీసా వచ్చిన మర్నాడే రాజీనామా ఇస్తాను. నోటీస్‌లో కొంత డబ్బు కట్టి ముందుగా బయటపడే వీలుందేమో కనుక్కుంటున్నాను. కాస్‌లో ఆగస్టు 18 రాయగలరా? నేను సెప్టెంబరు రెండో వారంలో చేరాల్సి రావచ్చు, అది మీకు సమ్మతమేనా? రిలీవింగ్ లెటర్ ఆఖరి రోజునే చేతికొస్తుంది. అప్పటిదాకా రాజీనామా ఆమోదించిన మెయిల్ సరిపోతుందా?” ఇంతే. తేదీలో నెలను అంకెల్లో కాక పేరుతో రాయాలి. 08/09 అని రాస్తే బ్రిటన్‌లో సెప్టెంబరు 8, అమెరికా శాఖలో ఉన్న హెచ్ఆర్‌కు ఆగస్టు 9.

పేరు సంగతి తెలుగువాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాలి. ఇంటిపేరు ముందు రాయడం మన అలవాటు. డిగ్రీ సర్టిఫికెట్‌లో అది ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉంటుంది. కాస్‌లో పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండాలి. పాస్‌పోర్ట్ మొదటి పేజీని మెయిల్‌కు జతచేసి, ఏది ఇంటిపేరో, ఏది సొంత పేరో ఒక్క వాక్యంలో చెబితే ఆ గందరగోళం అక్కడే తీరిపోతుంది.

మరో మాట కూడా అదే మెయిల్‌లో అడిగేయవచ్చు. చేరే రోజుకు ముందే కంపెనీ ఆ వ్యక్తికి అక్కడ పనిచేసే హక్కుందో లేదో సరిచూడాలి. అనుమతి లేనివారిని పనిలో పెట్టుకుంటే మొదటిసారికే ఒక్కొక్కరికి 45,000 పౌండ్ల దాకా జరిమానా పడవచ్చు కాబట్టి, హెచ్ఆర్ ఈ విషయంలో పట్టుగా ఉంటుంది. ఈవీసా ఖాతా నుంచి తీసే షేర్ కోడ్ 90 రోజులే చెల్లుతుంది. దాన్ని ఎప్పుడు పంపాలో అడిగి తీయడం మంచిది. నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ ఇంకా రాలేదని మాత్రం కంగారుపడనక్కర్లేదు, అది లేకుండానే పనిలో చేరవచ్చు.

భారత్ నుంచి ఆరు నెలలకు మించి ఉండటానికి వెళ్లేవారికి క్షయ పరీక్ష సర్టిఫికెట్ తప్పనిసరి. అది ఆరు నెలలు చెల్లుతుంది కనుక కాస్ కోసం ఎదురుచూసే రోజుల్లోనే చేయించుకోండి, దరఖాస్తు రోజున దానికోసం ఆగాల్సిన పని ఉండదు.