ఒక చ, రెండు పలుకులు

తెలుగులో ‘చలి’, ‘చీర’ రెండూ ఒకే అక్షరంతో మొదలవుతాయి. నోరు మాత్రం ఆ అక్షరాన్ని రెండు చోట్లా ఒకేలా పలకదు. ‘చలి’ అన్నప్పుడు నాలుక కొస పైపళ్ల వెనక తాకుతుంది. ‘చీర’ అన్నప్పుడు నాలుక కాస్త వెనక్కి జరిగి, దాని నడిమి భాగం అంగిలివైపు లేస్తుంది. మొదటిది దంత్య చకారం, రెండోది తాలవ్య చకారం. పాత నిఘంటువుల్లో దంత్యాన్ని ౘ అని వేరుగా చూపేవారు. భాషాశాస్త్రం కొత్తగా చదివేవారికి ఫోనీమ్, అల్లోఫోన్ అనే మాటలు అర్థం కావడానికి ఈ చ ఒక్కటీ చాలు.

ఒక ధ్వని మారితే మాట అర్థమే మారిపోతే, ఆ ధ్వనులు రెండూ ఆ భాషలో వేర్వేరు ఫోనీమ్‌లు. తెలుగులో దీన్నే వర్ణం అంటారు. ‘పాట’లో ప తీసి బ పెడితే ‘బాట’ అవుతుంది. మిగతాదంతా అలాగే ఉంది, అర్థం మాత్రం మారింది. కాబట్టి ప, బ తెలుగులో రెండు వర్ణాలు. ‘చలి’ని తాలవ్య చకారంతో పలికితే ఎవరికీ వేరే అర్థం తోచదు, పలుకు కాస్త ఎబ్బెట్టుగా వినిపిస్తుంది, అంతే. ఇలా ఒకే వర్ణం చోటును బట్టి తొడుక్కునే రూపాలు అల్లోఫోన్లు, అంటే సవర్ణాలు.

ఈ తేడాను కాగితం మీద చూపడానికి రెండు రకాల గుర్తులున్నాయి. నిజంగా నోట పలికిన ధ్వనిని చదరపు బ్రాకెట్లలో రాస్తారు: ‘చలి’ [t͡sali], ‘చీర’ [t͡ɕiːra]. పైన ఉన్న చాపం రెండు గుర్తులూ కలిసి ఒకే ధ్వని అని చెబుతుంది, ː అచ్చు దీర్ఘమని చెబుతుంది. ɕ అంగిలి దగ్గర పుట్టే ఒరిపిడి ధ్వనికి గుర్తు. ఇవి 1886లో పారిస్‌లో మొదలైన అంతర్జాతీయ ధ్వనిశాస్త్ర సంఘం రూపొందించిన లిపిలోవి. వర్ణాన్ని మాత్రం ఏటవాలు గీతల మధ్య రాస్తారు. తెలుగు చకారానికి భాషాశాస్త్ర రచనల్లో సాధారణంగా /c/ కనిపిస్తుంది. చాలామంది తడబడేది ఇక్కడే. అంతర్జాతీయ లిపిలో [c] పూర్తిగా వేరే ధ్వని. గీతల మధ్య ఉన్న c ఒక పేరు మాత్రమే, నాలుక ఎక్కడ తాకుతుందో అది చెప్పదు.

రెండు ధ్వనులు ఒకే వర్ణమా కాదా అని తేల్చడానికి మాటలను వరుసగా పేర్చి చూడాలి. పదం మొదట వచ్చే చకారం వరకే తీసుకుందాం. ‘చలి, చాలు, చుట్ట, చోటు’ మాటల్లో [t͡s] వినిపిస్తుంది. ‘చిలక, చీర, చెవి, చేను’ మాటల్లో [t͡ɕ] వినిపిస్తుంది. అర్థాలు పక్కనపెట్టి, చకారం తర్వాత ఏ అచ్చు ఉందో చూడాలి. ఇ, ఈ, ఎ, ఏ ఉంటే తాలవ్యం, అ, ఆ, ఉ, ఒ, ఓ లాంటివి ఉంటే దంత్యం. ఒకటి వచ్చే చోటికి రెండోది రాదు. ఇ, ఎ పలకడానికి నాలుక ముందే అంగిలివైపు లేస్తుంది కాబట్టి పక్కనున్న చకారమూ అటే జరుగుతుంది. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి ఈ పంపిణీనే సూత్రీకరించి, దంత్య తాలవ్య చకారాలను సవర్ణాలన్నాడు. విన్నది విన్నట్టు గమనించిన చూపు అది.

ఒక భాషలో సవర్ణాలైనవి మరో భాషలోనూ అలాగే ఉండాలని లేదు. ఇంగ్లీషు ‘పిన్’లో ప తర్వాత గాలి ఊపుగా వస్తుంది, [pʰ]. ‘స్పిన్’లో రాదు, [p]. అరచేయి నోటికి దగ్గరగా పెట్టుకుంటే తేడా తెలుస్తుంది. ఇంగ్లీషుకు అవి ఒకే వర్ణం. హిందీలో ‘పల్’ అంటే క్షణం, ‘ఫల్’ అంటే పండు. అక్కడ అవే ధ్వనులు రెండు వర్ణాలు.

మళ్లీ తెలుగుకు వస్తే, పై పట్టికలో అన్నీ దేశ్య పదాలే. సంస్కృతం నుంచి వచ్చిన ‘చలనం, చరిత్ర, చక్రం’ చేరిస్తే లెక్క మారుతుంది. శిష్టోచ్చారణలో వీటి మొదట తాలవ్యమే పలుకుతుంది, తర్వాత అ ఉన్నా సరే. ‘చలి’ [t͡sali], ‘చలనం’ [t͡ɕalanam] పక్కపక్కన పెడితే, రెండు ధ్వనులూ ఒకే చోట కనిపిస్తాయి. అంటే పంపిణీని కేవలం పక్కనున్న అచ్చుతో వివరించడం ఇక కుదరదు. దేశ్య పదాల వరకే చూసేవారు ఒకే వర్ణం అంటారు. అరువు మాటలనూ భాషలో భాగంగా లెక్కేసేవారు రెండు వర్ణాలకు దారి తెరుచుకుందని వాదించవచ్చు. ఏ మాటలను లెక్కలోకి తీసుకున్నారో చెప్పకుండా ఇచ్చిన జవాబు ఏదైనా సగం జవాబే. అందుకే అభ్యాసాల్లో ‘ఈ ఇచ్చిన మాటల ఆధారంగా’ అనే షరతు పెడతారు.