వ్యర్థలాంఛన సిద్ధాంతం - నష్టనిరూపణ పరీక్ష: ధర్మాజీగూడెం వివాదం ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

సహజ న్యాయసూత్రాలను ఉల్లంఘించి జారీ అయిన ప్రతి ఉత్తర్వునూ న్యాయస్థానాలు రద్దు చేయవు. ఉల్లంఘన రుజువైన తరువాత కూడా ఉత్తర్వు నిలిచే సందర్భాలేవి, వాటి వెనుక ఉన్న తర్కమేది అన్న ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలోని రెండు గ్రామాల మధ్య ఒక ఆరోగ్య కేంద్రం గురించి వచ్చిన గద్దె వెంకటేశ్వరరావు కేసు ఇందుకు ప్రధానాధారం.

కీలక పదాలు: సహజ న్యాయం, వ్యర్థలాంఛనం, నష్టనిరూపణ, రిట్ అధికారం, విచక్షణ, ధర్మాజీగూడెం.

1. ఉపోద్ఘాతం

ఒక వ్యక్తికి వ్యతిరేకంగా నిర్ణయం తీసుకునే ముందు అతని వాదన వినాలన్నది సహజ న్యాయసూత్రాలలో ప్రధానమైనది. ఈ సూత్రాన్ని పాటించని ఉత్తర్వు దోషయుక్తమని అందరూ అంగీకరిస్తారు. అయితే దోషం ఉండటం, ఆ దోషం కారణంగా ఉత్తర్వు రద్దు కావడం ఒకటి కాదు. మొదటిది చట్టబద్ధతకు సంబంధించిన ప్రశ్న, రెండవది న్యాయస్థానం ఇవ్వవలసిన పరిహారానికి సంబంధించిన ప్రశ్న. ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీలోనే వ్యర్థలాంఛన సిద్ధాంతం పుట్టింది. ఆంగ్ల న్యాయ పరిభాషలో దీనిని ‘యూజ్‌లెస్ ఫార్మాలిటీ’ అని వ్యవహరిస్తారు. విచారణ జరిపినా ఫలితం మారే అవకాశమే లేనప్పుడు, కేవలం లాంఛనం కోసం ఉత్తర్వును రద్దు చేసి వ్యవహారాన్ని తిరిగి మొదటికి తీసుకుపోవడం వ్యర్థమన్నది దీని సారాంశం.

ఈ సిద్ధాంతం భారతదేశంలో రూపుదిద్దుకున్న క్రమంలో తెలుగు నేలకూ తెలుగు న్యాయమూర్తులకూ ప్రత్యేక స్థానం ఉంది. కోకా సుబ్బారావు, ఓ. చిన్నపరెడ్డి, బి.పి. జీవన్‌రెడ్డి, ఎం. జగన్నాథరావు వేర్వేరు కాలాల్లో రాసిన తీర్పులే దీనికి మూలస్తంభాలు.

2. ధర్మాజీగూడెం - లింగపాలెం వివాదం

పంచాయతీ సమితుల తొలినాళ్లలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని ధర్మాజీగూడెంలో నెలకొల్పాలా, లింగపాలెంలో నెలకొల్పాలా అన్న వివాదం తలెత్తింది. ధర్మాజీగూడెం గ్రామస్థుల కమిటీ అధ్యక్షుడు గద్దె వెంకటేశ్వరరావు తమ ఊరి కోసం డబ్బు సేకరించి జమచేశారు. పంచాయతీ సమితి మాత్రం చివరకు లింగపాలెం వైపు మొగ్గి తీర్మానించింది.

దీనిలో రాష్ట్ర ప్రభుత్వం రెండుసార్లు జోక్యం చేసుకుంది. 1962 మార్చి 7న సమితి నిర్ణయాన్ని తోసిపుచ్చి, కేంద్రం ధర్మాజీగూడెంలో ఉండాలని ఉత్తర్వు ఇచ్చింది. 1963 ఏప్రిల్ 18న అదే ప్రభుత్వం ఆ ఉత్తర్వును పునఃసమీక్షించి, లింగపాలెంకు అనుకూలంగా మరొక ఉత్తర్వు జారీ చేసింది. రెండవ ఉత్తర్వుకు ముందు ధర్మాజీగూడెం ప్రతినిధులకు నోటీసు ఇవ్వలేదు. వెంకటేశ్వరరావు హైకోర్టును, తరువాత సుప్రీంకోర్టును ఆశ్రయించారు.

1965లో జస్టిస్ సుబ్బారావు రాసిన తీర్పు ముందుగా ఫిర్యాదుదారు వాదనలోని బలాన్ని గుర్తించింది. 1959 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తుల చట్టంలోని 62వ సెక్షన్ కింద ఇచ్చిన ఉత్తర్వును 72వ సెక్షన్ కింద పునఃసమీక్షించే అధికారం ప్రభుత్వానికి లేదని, పైగా నోటీసు ఇవ్వకపోవడం మరొక దోషమని నిర్ధారించింది. అంటే 1963 ఉత్తర్వు రెండు విధాల చెల్లనిది. అయితే న్యాయస్థానం అక్కడ ఆగకుండా 1962 ఉత్తర్వునూ పరిశీలించింది. అది పంచాయతీ సమితికి నోటీసు ఇవ్వకుండా జారీ అయింది కనుక అదీ చట్టవిరుద్ధమేనని తేల్చింది.

ఇప్పుడు ప్రశ్న మారింది. 1963 ఉత్తర్వును రద్దు చేస్తే ఏమవుతుంది? 1962 ఉత్తర్వు ప్రాణం పోసుకుంటుంది. సమితి సక్రమంగా చేసిన తీర్మానాలకు విరుద్ధంగా, చట్టవిరుద్ధమైన ఉత్తర్వు ఆధారంగా ఆరోగ్య కేంద్రం ధర్మాజీగూడెంకు దక్కుతుంది. ఒక అక్రమాన్ని సరిదిద్దే పేరుతో మరొక అక్రమాన్ని పునఃప్రతిష్ఠించినట్లవుతుంది. అందుచేత తన అసాధారణ విచక్షణాధికారాన్ని ఉపయోగించడానికి హైకోర్టు నిరాకరించడం సబబేనని సుప్రీంకోర్టు భావించింది.

3. తీర్పు చెప్పినది, చెప్పనిది

ఈ తీర్పును వ్యర్థలాంఛన సిద్ధాంతానికి ఉదాహరణగా తరచు పేర్కొంటారు. కానీ జాగ్రత్తగా చదివితే అందులోని తర్కం కొంత భిన్నంగా కనిపిస్తుంది. ధర్మాజీగూడెం వారిని విన్నా ఫలితం మారేది కాదని న్యాయస్థానం అనలేదు. నోటీసు అవసరం లేదనీ అనలేదు. రద్దు వల్ల కలిగే పర్యవసానం చట్టవిరుద్ధంగా ఉంటుంది కాబట్టి రిట్ ఇవ్వబోమని మాత్రమే చెప్పింది. వ్యర్థలాంఛన సిద్ధాంతం ‘విచారణ జరిగి ఉంటే ఏమయ్యేది’ అని వెనక్కి చూస్తుంది. గద్దె వెంకటేశ్వరరావు తీర్పు ‘ఇప్పుడు రద్దు చేస్తే ఏమవుతుంది’ అని ముందుకు చూస్తుంది.

ఈ తేడా వల్ల తీర్పు పరిధి కూడా తెలుస్తుంది. 1962 ఉత్తర్వు సక్రమంగా జారీ అయి ఉంటే, నోటీసు లేని 1963 ఉత్తర్వును కాపాడటానికి ఈ తర్కం ఉపయోగపడదు. తొలి ఉత్తర్వు కూడా చెల్లనిదని రికార్డు నుంచే తేలినప్పుడు మాత్రమే దీనికి చోటుంటుంది. 1999లో ఎం.సి. మెహతా కేసులో ఢిల్లీ పెట్రోలు బంకుల స్థలాల వివాదంపై జస్టిస్ జగన్నాథరావు ఈ తీర్పునే ఆధారం చేసుకున్నారు. అక్కడ కూడా నోటీసు లేని ఉత్తర్వును రద్దు చేస్తే అంతకుముందున్న చెల్లని ఉత్తర్వు తిరిగి అమలులోకి వచ్చే పరిస్థితి ఉంది.

4. ఒకే ఒక్క ముగింపు

వ్యర్థలాంఛన సిద్ధాంతానికి సరైన హద్దు గీసినది 1980లో ఎస్.ఎల్. కపూర్ కేసులో జస్టిస్ చిన్నపరెడ్డి రాసిన తీర్పు. న్యూఢిల్లీ మునిసిపల్ కమిటీని వినకుండానే రద్దు చేసిన సందర్భమది. సహజ న్యాయాన్ని పాటించకపోవడమే ఒక నష్టమని, వేరే నష్టం జరిగినట్లు బాధితుడు నిరూపించనవసరం లేదని ఆ తీర్పు ప్రకటించింది. వినకుండా శిక్షించినవాడు ‘విన్నా ఇదే చేసేవాణ్ణి’ అనడం చెల్లదని దాని అంతరార్థం.

దీనికి ఒక మినహాయింపును కూడా అదే తీర్పు పేర్కొంది. ఒప్పుకున్న లేదా వివాదానికి తావులేని వాస్తవాల మీద ఒకే ఒక్క ముగింపు సాధ్యమై, చట్టం ఒకే ఒక్క శిక్షను అనుమతించినప్పుడు న్యాయస్థానం రిట్ ఇవ్వకపోవచ్చు. విచారణ అవసరం లేదని కాదు, నిష్ఫలమైన రిట్ ఇవ్వడం న్యాయస్థానాల పద్ధతి కాదు కనుక.

ఈ మినహాయింపులో రెండు షరతులున్నాయి. వీటిని విడదీసి చూడటానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకోవచ్చు. విజయవాడ భవానీపురంలో ఒక యజమాని రెండంతస్తులకు అనుమతి పొంది, మూడవ అంతస్తు కూడా కట్టాడనుకుందాం. నోటీసు లేకుండా ఆ అంతస్తును కూల్చివేయాలని ఉత్తర్వు వచ్చింది. మూడవ అంతస్తుకు అనుమతి లేదని యజమానే ఒప్పుకున్నాడు. కాబట్టి వాస్తవం వివాదరహితం, మొదటి షరతు నెరవేరింది. అయితే చట్టంలో అపరాధరుసుముతో క్రమబద్ధీకరించే వీలు ఉంటే కూల్చివేత ఒక్కటే మార్గం కాదు. ఆ అవకాశం తనకు వర్తిస్తుందని చెప్పుకునే హక్కు యజమానికి ఉంది. రెండవ షరతు నెరవేరలేదు కనుక నోటీసు వ్యర్థలాంఛనం కాదు. అదే కట్టడం ఏ పరిస్థితిలోనూ క్రమబద్ధీకరించరాని స్థలంలో ఉండి, ఆ సంగతి కూడా అతడు అంగీకరిస్తే పరిస్థితి మారుతుంది. తప్పు ఒప్పుకున్నంత మాత్రాన పర్యవసానాన్ని కూడా ఒప్పుకున్నట్లు కాదన్నది ఇక్కడి కీలకం. ఆచరణలో ఎక్కువ పొరపాట్లు జరిగేదీ ఇక్కడే.

వాస్తవాలు వివాదంలో ఉన్నప్పుడు ‘గెలిచే అవకాశం లేదు’ అన్న అంచనాతో రిట్ నిరాకరించవచ్చా? ఆంగ్ల న్యాయవేత్తల మధ్య దీనిపై భేదాభిప్రాయాలున్నాయి. తిరుగులేనివిగా కనిపించిన కేసులు విచారణలో తారుమారైన అనుభవాన్ని 1969లో జాన్ వర్సెస్ రీస్ తీర్పులో మెగారీ న్యాయమూర్తి గుర్తుచేశారు. జస్టిస్ జగన్నాథరావు ఎం.సి. మెహతా తీర్పులో ఈ చర్చనంతా సమీక్షించి, ఈ విస్తృత రూపంపై తుది అభిప్రాయం చెప్పకుండా విడిచిపెట్టారు.

5. నష్టనిరూపణ పరీక్ష

నష్టనిరూపణ పరీక్ష ప్రధానంగా ఉద్యోగుల క్రమశిక్షణ కేసుల్లో పెరిగింది. హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా పేరుతో నిలిచిన బి. కరుణాకర్ కేసులో 1993లో రాజ్యాంగ ధర్మాసనం ముందుకు వచ్చిన ప్రశ్న ఇది: విచారణాధికారి నివేదిక ప్రతిని ఉద్యోగికి ఇవ్వకుండా శిక్ష విధిస్తే ఏమి చేయాలి? ఆ నివేదిక పొందడం ఉద్యోగి హక్కు అని ధర్మాసనం నిర్ధారించింది. కానీ ఇవ్వలేదన్న ఒక్క కారణంతో యాంత్రికంగా శిక్ష రద్దు కాదని చెప్పింది. ముందు న్యాయస్థానమే నివేదికను ఉద్యోగికి ఇప్పించాలి. అది తన వద్ద ఉంటే ఏమి చెప్పగలిగేవాడో ఉద్యోగి వివరించాలి. దానివల్ల ఫలితం మారి ఉండేదని తేలితేనే శిక్షను తొలగించాలి. అప్పుడు కూడా నివేదిక ఇచ్చే దశ నుంచి విచారణ కొనసాగించే స్వేచ్ఛ యాజమాన్యానికి ఉంటుంది.

1996లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ పాటియాలా వర్సెస్ ఎస్.కె. శర్మ తీర్పులో జస్టిస్ జీవన్‌రెడ్డి దీనికి క్రమబద్ధమైన రూపం ఇచ్చారు. అసలు అవకాశమే ఇవ్వకపోవడం వేరు, ఇచ్చిన అవకాశం చాలకపోవడం వేరు. నోటీసూ విచారణా రెండూ లేనప్పుడు ఉత్తర్వు నిలవదు. విచారణ జరిగి, అందులోని ఏదో ఒక నియమం తప్పినప్పుడు ఆ లోపం నిజంగా నష్టం కలిగించిందా అని చూడాలి. ఆ కేసులో సాక్షుల వాంగ్మూలాల ప్రతులు ఇవ్వలేదు. కానీ వాటిని చదివి రాసుకునే అవకాశం ఉద్యోగికి ముందే దొరికింది. నియమం తప్పింది, నష్టం మాత్రం జరగలేదు.

6. భారం ఎవరిది, నిర్ణయం ఎవరిది

ఈ పరీక్షను అధికారులు తమకు అనుకూలంగా మలచుకునే ప్రమాదం ఉంది. ‘ఎలాగూ ఫలితం మారదు’ అని ముందుగానే అనుకుని నోటీసు మానేయడం దీని తొలి రూపం. 2015లో ధరంపాల్ సత్యపాల్ తీర్పు ఈ దారిని మూసింది. విచారణ వల్ల ప్రయోజనం ఉందా లేదా అని తేల్చవలసినది తరువాతి దశలో న్యాయస్థానం. నిర్ణయం తీసుకునే అధికారి ఆ ఊహతో విచారణను దాటవేయరాదు.

రెండవ ప్రమాదం రుజువు భారానికి సంబంధించినది. నష్టం జరగలేదని ప్రభుత్వం ఊరికే అంటే చాలదని 2020లో సుధీర్ కుమార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మరోవైపు బాధితుడి భయం మాత్రమే ఉంటే కూడా సరిపోదు. నష్టం వాస్తవంగా జరిగి ఉండాలి, లేదా జరిగి ఉండవచ్చని స్పష్టమైన అనుమితికి ఆధారం ఉండాలి. అందుచేత ఫిర్యాదుదారు ‘నన్ను వినలేదు’ అని ఆగకుండా, ‘విని ఉంటే ఈ పత్రం చూపేవాణ్ణి, ఈ సాక్షిని ప్రశ్నించేవాణ్ణి’ అని పిటిషన్‌లోనే వివరించడం అవసరం.

7. ముగింపు

పై తీర్పులను కలిపి చదివితే ఉల్లంఘన తరువాత ఉత్తర్వు నిలిచే మార్గాలు మూడని తేలుతుంది: రద్దు వల్ల మరొక చట్టవిరుద్ధ ఉత్తర్వు పునరుద్ధరణ కావడం, వివాదరహిత వాస్తవాలపై ఒకే ముగింపూ ఒకే పర్యవసానమూ ఉండటం, విచారణ జరిగినా అందులోని లోపం నష్టం కలిగించకపోవడం. మూడింటిలోనూ ఉల్లంఘన ఉల్లంఘనగానే మిగులుతుంది, పరిహారం మాత్రమే నిరాకరించబడుతుంది. ధర్మాజీగూడెం ప్రతినిధులకు నోటీసు ఇచ్చి ఉండవలసిందేనని తీర్పు చెప్పింది. పంచాయతీ సమితికి కూడా నోటీసు ఇచ్చి ఉండవలసిందేనని అదే తీర్పు చెప్పింది. 1962లోనే సమితిని విని ఉంటే, ఒక ఊరి ఆరోగ్య కేంద్రం వివాదం ఢిల్లీ వరకు వెళ్లవలసిన అవసరం బహుశా వచ్చేది కాదు.