వెలుగు తగ్గిస్తే తలనొప్పా?

నిద్రకు ముందు ఫోన్ వెలుగు బాగా తగ్గించుకుంటే కళ్లకు హాయి అనుకుంటాం. తరచూ తలనొప్పి వచ్చేవారిలో కొందరికి అదే చేటు! ఓఎల్‌ఈడీ తెరలున్న చాలా ఫోన్లు వెలుగు తగ్గించడానికి తెరను సెకనుకు కొన్ని వందలసార్లు ఆర్పి వెలిగిస్తాయి. ఎంత తగ్గిస్తే, ఆరి ఉండే సమయం అంత పెరుగుతుంది. పల్స్ విడ్త్ మాడ్యులేషన్ అంటే ఇదే. ఆ మినుకు కంటికి ఆనదు, తలకు మాత్రం తెలుస్తుంది.

మీ ఫోన్ సంగతి తేల్చుకోవాలా? తెల్లటి పేజీ తెరిచి, వెలుగు తగ్గించండి. మరో ఫోన్ కెమెరాను ప్రో మోడ్‌లో పెట్టి, షట్టర్‌ను 1/1000 సెకనుకు మార్చి చూడండి. నల్లటి చారలు కనిపిస్తే మినుకు ఉన్నట్టే. ఇప్పుడు మెల్లగా వెలుగు పెంచండి. చారలు సగం దగ్గర పలచబడ్డాయనుకుందాం. ఇక వెలుగును అంతకన్నా దించొద్దు. ఆటో బ్రైట్‌నెస్ కూడా ఆపేయాలి, లేదంటే అదే దించేస్తుంది.

మరి రాత్రిపూట కళ్లు జిగేల్మనవా? ఐఫోన్‌లో అయితే యాక్సెసిబిలిటీలోని Reduce White Point, ఆండ్రాయిడ్ 12 నుంచి వచ్చిన చాలా ఫోన్లలో Extra dim వాడుకోవచ్చు. ఇవి తెలుపును బూడిదరంగుగా మార్చి చూపిస్తాయంతే, ఆరి ఉండే సమయాన్ని పెంచవు. పెట్టాక కెమెరాతో మరోసారి చూసుకోండి.

కొన్ని ఫోన్లలో పూర్తి వెలుగులోనూ చారలు పోవు. వాటి దగ్గర ఈ ఉపాయం పెద్దగా పారదు. కొనేముందే దుకాణంలో కెమెరా పట్టి చూడటం నయం.