స్టైలిస్ట్ వెళ్లిపోతే కస్టమర్లు ఎవరివాళ్లు?

సెలూన్‌లో హెల్పర్ మానేస్తే పది రోజుల్లో ఇంకొకరు దొరుకుతారు. కానీ “ఆవిడ ఉంటేనే వస్తాం” అని ముందే ఫోన్ చేసి, శనివారం సాయంత్రాలన్నీ నింపేసే కస్టమర్లున్న స్టైలిస్ట్ రాజీనామా ఇస్తే, యజమానికి ఆ రాత్రి నిద్ర పట్టదు. వెళ్లేది ఒక్క మనిషి కాదు. రెండు వీధుల అవతల కొత్త బోర్డు లేస్తుంది. పాత కస్టమర్ల ఫోన్లకు “అక్కా, ఇక నుంచి ఇక్కడున్నాను” అని వాట్సాప్ సందేశం వెళ్తుంది.

అప్పుడు చాలామంది యజమానులు బీరువాలోంచి ఒప్పంద పత్రం తీస్తారు. అందులో “మానేశాక రెండేళ్ల దాకా ఐదు కిలోమీటర్ల లోపల పనిచేయకూడదు” అన్న వాక్యం ఉంటుంది. ఇంటర్నెట్‌లో దొరికిన విదేశీ నమూనా నుంచి దించుకున్న ఇలాంటి వాక్యానికి మన దేశంలో దాదాపు విలువ లేదు. మనిషి తనకు వచ్చిన వృత్తి చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 27వ సెక్షన్ చెబుతోంది. ఉద్యోగంలో ఉన్నంతకాలం మరోచోట పనిచేయకూడదన్న షరతు చెల్లుతుందని సుప్రీంకోర్టు 1967లో గోలికరీ కేసులో చెప్పింది. ఉద్యోగం వదిలాక అదే షరతు నిలబడదు.

అలాగని చట్టం యజమానిని పూర్తిగా వదిలేయలేదు. కంప్యూటర్లో దాచుకున్న కస్టమర్ల జాబితాను పాత ఉద్యోగి వాడుకుంటున్నాడని ఒక మెయిల్ ఆర్డర్ కంపెనీ కోర్టుకెళ్లింది. కష్టపడి కూర్చిన ఆ జాబితాకు కాపీరైట్ ఉంటుందని 1995లో ఢిల్లీ హైకోర్టు తేల్చి, అతణ్ని వాడుకోవద్దని ఆపింది. 2006లో అదే హైకోర్టు ముందుకు అమెరికన్ ఎక్స్‌ప్రెస్ బ్యాంకు వచ్చింది. కస్టమర్ల వివరాలు తెలుసన్న కారణంతో ఉద్యోగిని మెరుగైన ఉద్యోగానికి వెళ్లకుండా ఆపలేమని అక్కడ కోర్టు చెప్పింది. ఈ రెండింటినీ సెలూన్‌కి వర్తింపజేసి చూస్తే దారి తెలుస్తుంది. కౌంటర్ దగ్గరి సాఫ్ట్‌వేర్‌లోంచి ఆరువందల నంబర్లు దించుకుపోతే యజమాని పోరాడవచ్చు. పదేళ్లుగా జుట్టు కత్తిరించిన మనిషి పేరూ ఇల్లూ గుర్తున్నాయంటే పోరాడటానికేమీ లేదు. పాత కస్టమర్లను పనిగట్టుకుని పిలవకూడదన్న షరతును 2009లో ఢిల్లీ హైకోర్టు ఒక కేసులో సమర్థించింది కాబట్టి, ఒప్పందంలో రాసుకోవాల్సింది ఆ మాట. కస్టమరే వెతుక్కుంటూ వెళ్తే మాత్రం ఏ కాగితమూ ఆపదు. ఆపకూడదు కూడా, తన తల ఎవరి చేతిలో పెట్టాలో నిర్ణయించుకోవాల్సింది ఆ మనిషే.

అందుకే అసలు కాపుదల కోర్టులో కాదు, రోజువారీ పనిలో ఉంటుంది. అందులో మొదటిది కలర్ కార్డు.

హెయిర్‌కట్ కోసం వచ్చేవాళ్లు చేతివాటం చూసి వస్తారు, వాళ్లను పట్టి ఉంచడం కష్టం. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి కుదుళ్లకు రంగు వేయించుకునేవాళ్ల సంగతి వేరు. వాళ్ల భయం ఒక్కటే, కొత్త మనిషి చేతిలో రంగు మారిపోతుందేమోనని. ఆ మిశ్రమం స్టైలిస్ట్ బుర్రలోనే ఉంటే ఆ భయం నిజమవుతుంది, కస్టమర్‌కి స్టైలిస్ట్ వెంట వెళ్లడం తప్ప దారుండదు. అదే మిశ్రమం సెలూన్ కార్డులో ఉంటే పరిస్థితి మారుతుంది.

పనికొచ్చే కార్డు ఇలా ఉంటుంది: రంగు కంపెనీ పేరు, షేడ్ 5.0, 5.3 చెరి 30 గ్రాములు. 20 వాల్యూమ్ డెవలపర్ 90 మిల్లీలీటర్లు. కుదుళ్లకు 35 నిమిషాలు, చివర్లకు ఆఖరి పది నిమిషాలే. ఎడమ కణత దగ్గర నెరుపు మొండిది, ముందు అక్కడే మొదలుపెట్టాలి. అలర్జీ పరీక్ష చేసిన తేదీ. కింద వెలుతురులో తీసిన ఫోటోలు ముందు నుంచి, పక్కల నుంచి, వెనక నుంచి. కంపెనీ పేరు రాయకపోతే కార్డు వృథా, ఒక కంపెనీ 5.3 ఇంకో కంపెనీ 5.3లా రాదు. “ఎప్పటిలాగే బ్రౌన్” అని రాసి ఉంటే అది కార్డే కాదు. బిల్లు వేసే ముందు కార్డు నిండాలన్న నియమం పెట్టి, వారానికి నాలుగు కార్డులు యజమాని స్వయంగా తిరగేస్తే తప్ప ఈ అలవాటు నిలవదు. మంచి స్టైలిస్టులు మొదట్లో దీనికి ఇష్టపడరు. అది వాళ్ల విద్య, ఆ బెరుకు సహజమే. సెలవులో ఉన్నప్పుడు కస్టమర్ తల పాడవకూడదని చెప్తే ఎక్కువమంది ఒప్పుకుంటారు.

రెండోది ఫోన్ నంబరు. అపాయింట్‌మెంట్లు స్టైలిస్ట్ సొంత ఫోన్‌కి వస్తున్నాయంటే, రాజీనామాకు చాలా ముందే ఆ కస్టమర్లు సెలూన్ చేతిలోంచి జారిపోయినట్టు. సెలూన్ పేరు మీద ఒకే వాట్సాప్ బిజినెస్ నంబరు, దాని నుంచే గుర్తుచేసే సందేశాలు, సాఫ్ట్‌వేర్‌లో స్టైలిస్టులకు ఆ రోజు అపాయింట్‌మెంట్లు మాత్రమే కనపడే ఏర్పాటు, మొత్తం జాబితాను దించుకునే అధికారం యజమానికే ఉండటం చాలు. ఇవి లేని చోట జాబితా రహస్యమని కోర్టులో వాదించడమూ కష్టమే. అందరికీ తెరిచిపెట్టిన దాన్ని రహస్యమని ఎలా అంటారు?

కస్టమర్లు చేజారుతున్న సంగతి రాజీనామాకు ముందే లెక్కల్లో కనపడుతుంది. నెలకోసారి తప్పకుండా వచ్చేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఒకేసారి ఎనిమిది వారాలైనా రారు. బిల్లులో నంబరు ఉండాల్సిన చోట ఒకే అంకె పదిసార్లు కనిపిస్తుంది. రంగు బిల్లులు తగ్గుతాయి, ట్యూబులు మాత్రం మునుపటిలాగే ఖర్చవుతుంటాయి, అంటే ఆదివారాలు కస్టమర్ల ఇళ్లలో పని జరుగుతోందేమో చూసుకోవాలి. ఏ ఒక్కటీ రుజువు కాదు, కస్టమర్ ఊరెళ్లి ఉండవచ్చు, ట్యూబులు వృథా అయి ఉండవచ్చు. మూడూ ఒకే మనిషి దగ్గర కలిస్తే పక్కకు పిలిచి నెమ్మదిగా మాట్లాడాలి. చాలాసార్లు బయటపడేది మోసం కాదు, రెండేళ్లుగా పెరగని ఇన్సెంటివ్.

ఇక రాజీనామా పడిన రోజు ఏం చేయాలో ఒక ఊహా లెక్కతో చూద్దాం. ఒక సెలూన్‌లో ముఖ్య స్టైలిస్ట్ నెలకు 2,20,000 రూపాయల పని చేస్తోందనుకుందాం. జీతం, ఇన్సెంటివ్ కలిపి 60,000. రంగులూ షాంపూలూ 33,000. అద్దెకూ మిగతా ఖర్చులకూ మిగిలేది 1,27,000. ఆమె వెళ్లి, కస్టమర్లలో సగంమంది ఆమె వెంట వెళ్తే పని 1,10,000కి పడిపోతుంది. సరుకు ఖర్చు 16,500, కొత్త స్టైలిస్ట్ జీతం 30,000 పోగా 63,500 మిగులుతాయి. అంటే నెలకు పడే దెబ్బ యజమాని కంగారులో ఊహించుకున్న 2,20,000 కాదు, 63,500. ఇన్సెంటివ్ పెంచి ఆపుకోవాలా, వకీలుకి ఎంత పెట్టాలి అన్నవి ఈ అంకె ముందు పెట్టుకుని తేల్చుకోవాలి.

ఆమె దగ్గరికి వచ్చే రెగ్యులర్ కస్టమర్లు 130 మంది అనుకుంటే, సాఫ్ట్‌వేర్‌లో ఆరు నెలల బిల్లులు తీసి వాళ్లను విడదీయాలి. అందులో 60 మంది ఏదో ఒకసారి వేరే స్టైలిస్ట్ దగ్గర కూర్చున్నవాళ్లో, ఫేషియల్‌కీ పిల్లల హెయిర్‌కట్‌కీ వచ్చేవాళ్లో అయితే, వాళ్లకు సెలూన్‌తో వేరే సంబంధం ఉన్నట్టే. ఆమె తప్ప ఇంకెవరూ ముట్టుకోని తలలు 70. అందులో వచ్చే నాలుగు వారాల్లో రంగుకో, ట్రిమ్మింగ్‌కో రావాల్సినవాళ్లు 40 మంది ఉంటే, అసలు పని ఆ నలభై మందితోనే. మిగతా ముప్పై మందికి ఇంకా వ్యవధి ఉంది.

ఆ నలభై మందికీ రిసెప్షనిస్ట్ కాదు, యజమానే ఫోన్ చేయాలి. సందేశం పంపితే చదివి వదిలేస్తారు. మాట ఇంత సూటిగా ఉంటే చాలు: “మేడం, మీకు జుట్టు చూసే ఆవిడ ఈ నెలాఖరుకి మానేస్తున్నారు. మీ కలర్ కార్డు మా దగ్గరుంది. ఈసారి వచ్చినప్పుడు ఆవిడ ఉండగానే కొత్తమ్మాయి చేత వేయిస్తాం, మీరు చూసుకోండి.” స్టైలిస్ట్ మంచిగా వెళ్తుంటే నోటీసు కాలంలో ఇద్దరూ కలిసి ఆ కుర్చీ దగ్గర నిలబడటం కంటే మంచి ఏర్పాటు లేదు. రంగు ఎలా కలపాలో కొత్తమ్మాయి చూస్తుంది, పాతావిడ ముఖం చూసి కస్టమర్ కుదుటపడుతుంది. నమ్మకం పోయి ఉంటే మాత్రం నోటీసు జీతం చేతిలో పెట్టి ఆ రోజే పంపేయడం మేలు, సాఫ్ట్‌వేర్ లాగిన్ అదే సాయంత్రం మూసేయాలి.

చేయకూడనివి కూడా ఉన్నాయి. “ఆవిడ ఎక్కడికి వెళ్లారు?” అని కస్టమర్ అడిగితే తెలియదని అబద్ధం చెప్పడం, పనిమీద నింద వేయడం వల్ల కస్టమర్‌కి అనుమానం స్టైలిస్ట్ మీద కాదు, సెలూన్ మీద కలుగుతుంది. వాళ్లిద్దరూ ఎలాగూ మాట్లాడుకుంటారు. ముందే డబ్బు కట్టి ప్యాకేజీ కొన్నవాళ్లు “ఆవిడ కోసమే కొన్నాం, మిగిలింది ఇచ్చేయండి” అంటే, మొదట కొత్త స్టైలిస్ట్ చేత ఒకసారి చేయించుకుని చూడమని అడగాలి, అప్పటికీ వద్దంటే తిరిగివ్వాలి. పట్టుబట్టి ఉంచుకున్న మూడువేల రూపాయల కోసం ఆ కుటుంబంలో నలుగురినీ పోగొట్టుకోవడం లాభసాటి కాదు.

ఆఖరి జీతం సంగతి చాలా సెలూన్లు తప్పు చేసే చోటు. “కస్టమర్లను లాక్కుపోతోంది కదా” అని రావాల్సిన డబ్బు ఆపేస్తారు, చేరేటప్పుడు తీసుకున్న సర్టిఫికెట్లు ఇవ్వరు, కొందరు ఖాళీ చెక్కు చూపించి బెదిరిస్తారు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, రాజీనామా చేసిన ఉద్యోగికి రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో చెల్లించాలి. జీతం ఆపిన యజమాని, కస్టమర్ల జాబితా దొంగిలించారని కోర్టుకెళ్తే, ఎదుటివాళ్ల మొదటి జవాబు ఆ జీతమే అవుతుంది. డబ్బు పూర్తిగా ఇచ్చి, రిలీవింగ్ లెటర్‌తో పాటు “సెలూన్ జాబితా నా దగ్గర లేదు, వాడను” అని సంతకం తీసుకోవడం తెలివైన పని. జాబితా నిజంగానే బయటకు పోయిందని సాఫ్ట్‌వేర్ చరిత్రలో తేదీ, సమయంతో సహా కనిపిస్తే ఆ పేజీ ప్రింట్ తీసి, వకీలు చేత నోటీసు పంపించాలి. కస్టమర్లకు వచ్చిన సందేశాలు ఎవరైనా చూపిస్తే వాళ్ల అనుమతితో స్క్రీన్‌షాట్లు దాచుకోవాలి.

ఎనిమిది వారాల తర్వాత ఆ 70 పేర్లనూ మళ్లీ ముందేసుకోవాలి. రెండోసారి కూడా వచ్చినవాళ్లెవరు, ఒక్కసారి వచ్చి ఆగిపోయినవాళ్లెవరు, అసలు రానివాళ్లెవరు అని మూడు భాగాలు చేస్తే, మధ్యలో ఉన్నవాళ్లు కొత్త స్టైలిస్ట్ పని గురించి చెబుతారు. వాళ్లలో అయిదారుగురికి ఫోన్ చేసి ఏం నచ్చలేదో అడగాలి. రంగు తేడా వచ్చిందంటే కార్డులో ఏదో రాయకుండా వదిలేశారు. కట్ నచ్చలేదంటే కొత్తమ్మాయికి శిక్షణ కావాలి. కూర్చోబెట్టి గంట ఆపారంటే తప్పు కౌంటర్‌ది, స్టైలిస్టులది కాదు.