గడప దాటే చిన్ని పాదాలు

కృష్ణాష్టమికి పాదాలు వేసేవారు చాలామంది గడప దగ్గర మొదలుపెట్టి, ఊయల చేరేసరికి సగం తామే తొక్కేస్తారు. ఊయల దగ్గర మొదలుపెట్టి, వెనక్కి జరుగుతూ వీధి గుమ్మానికి రావాలి. వేళ్లు మాత్రం ఇంట్లోకే చూడాలి. కన్నయ్య వస్తున్నాడు మరి, వెళ్లిపోవడం లేదు!

నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండిలో పిడికిలిని చిటికెనవేలి వైపు అద్ది నేలకు ఆనిస్తే పాదం. కుడి పిడికిలితో కుడిపాదం, ఎడమతో ఎడమ. పైన వేలికొసతో అయిదు చుక్కలు. పిండి జారైతే చుక్కలు కలిసిపోతాయి. ముందు పలక మీద ఒకటి వేసి చూస్తే తెలుస్తుంది.

ఊయలలో పట్టుగుడ్డ ఒక్కటే పరిస్తే విగ్రహం జారుతుంది. కింద నూలుగుడ్డ మడత ఉండాలి. బంతిదండలు చట్రానికే చుట్టాలి. ఒక గొలుసుకు ఎక్కువ చుడితే ఊయల ఒరుగుతుంది. మల్లెమొగ్గలు సాయంత్రం కడితే అర్ధరాత్రి పూజవేళకు విచ్చుకుంటాయి.