ఒక బొమ్మ, రెండు తప్పులు, ఒకటే జవాబు

పదో తరగతి పిల్లలున్న ఇంట్లో క్షేత్రమితి పాఠం మొదలైందంటే ఫోన్లో ఫొటోలు కూడా మొదలైనట్టే. లెక్క రాకపోతే పుస్తకంలో పేజీని ఫొటో తీసి ట్యూషన్ మాస్టారికో, ఇంజినీరు బాబాయికో పంపుతారు. వాటిలో తరచూ కనిపించే బొమ్మ ఒకటుంది. నిలబెట్టిన స్థూపం, దాని నెత్తిన బోర్లించిన అర్ధగోళం. అడుగున 14 సెం.మీ. అని, పక్కన నిలువు బాణం మీద 20 సెం.మీ. అని ఉంటుంది. ఉపరితల వైశాల్యం, ఘనపరిమాణం కనుక్కోమంటారు.

ఇక్కడ ముందు చూడాల్సింది అంకెలను కాదు, బాణాల కొసలను. 14 అడుగు మొత్తాన్నీ కొలుస్తోంది కాబట్టి అది వ్యాసం, వ్యాసార్థం 7. నిలువు బాణం కింది నుంచి గుమ్మటం కొన దాకా వెళ్తే 20 మొత్తం ఎత్తవుతుంది, స్థూపం దగ్గరే ఆగితే స్థూపం ఎత్తే అవుతుంది. ఫొటో పైభాగం కాస్త తెగినా ఈ తేడా తెలియదు. మన బొమ్మలో బాణం కొన దాకా ఉందనుకుందాం. గుమ్మటం ఎత్తు ఎక్కడా రాసి ఉండదు, రాయనక్కర్లేదు కూడా. గోళంలో సగం కాబట్టి దాని ఎత్తు వ్యాసార్థమే, 7. మిగిలిన 13 స్థూపానిది.

స్థూపం ప్రక్కతల వైశాల్యం 2πrh, అంటే 2 × 22/7 × 7 × 13 = 572 చదరపు సెం.మీ. అర్ధగోళం వక్రతలం 2πr², అంటే 308. అడుగు వృత్తం πr², అంటే 154. మొత్తం 1034.

చాలామంది పిల్లలకు మాత్రం 1342 వస్తుంది. స్థూపానికి సంపూర్ణతల వైశాల్యం 880, అర్ధగోళానికి సంపూర్ణతల వైశాల్యం 462, రెండూ కలిపేస్తారు. కానీ అతికిన చోట స్థూపం పై మూత, అర్ధగోళం అడుగు రెండూ లోపలికి పోయాయి. రంగు వేసే బ్రష్షు అక్కడికి వెళ్లదు. 154 చొప్పున రెండు వృత్తాలు, మొత్తం 308 ఎక్కువ పడింది.

తమాషా ఏమిటంటే, సూత్రాలన్నీ సరిగ్గా వాడి, 20ని స్థూపం ఎత్తుగా పొరబడిన పిల్లవాడికీ 1342 వస్తుంది! అతని లెక్క 880 + 308 + 154. ఇది కాకతాళీయం కాదు. ఎత్తు r మేర పెరిగితే ప్రక్కతలం 2πr² పెరుగుతుంది. దాగిన రెండు వృత్తాల వైశాల్యమూ 2πr²యే. ఏ కొలతలు ఇచ్చినా ఈ రెండు తప్పులూ ఒకే జవాబు దగ్గర కలుస్తాయి. అందుకని 1342 చూడగానే ఫలానా తప్పని తేల్చేయకూడదు. ఘనపరిమాణం కూడా చూడాలి.

ఘనపరిమాణంలో దాగిన ముఖాల గొడవే లేదు, రెండు భాగాలూ కలిపితే చాలు. స్థూపం πr²h = 2002 ఘనపు సెం.మీ., అర్ధగోళం ⅔πr³ = సుమారు 718.67. మొత్తం 2720.67, అంటే దాదాపు 2.72 లీటర్లు. వైశాల్యం 1342 వచ్చినా ఇది సరిగ్గా ఉంటే, దాగిన వృత్తాలను కలిపాడన్నమాట. ఇది 3798.67 అని ఉంటే ఎత్తు దగ్గరే పొరబడ్డాడు.

జవాబు సరిచూసుకోవడానికి ఆర్కిమెడిస్ ఇచ్చిన దారి ఇప్పటికీ పనికొస్తుంది. ఇటలీలోని సిసిలీ ద్వీపంలో, సిరాక్యూస్ నగరంలో, క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో ఉన్న గణితవేత్త ఆయన. గోళాన్ని సరిగ్గా పట్టే స్థూపంలో ఉంచితే, గోళం ఉపరితలం ఆ స్థూపం ప్రక్కతలానికి సమానమనీ, ఘనపరిమాణం స్థూపంలో మూడింట రెండు వంతులనీ నిరూపించాడు. మన గుమ్మటానికీ ఇది వర్తిస్తుంది. గుమ్మటాన్ని తీసేసి స్థూపాన్నే 20 దాకా పెంచామనుకోండి, ప్రక్కతలం 44 × 20 = 880. మనకు వచ్చిన 572, 308 కలిపినా అదే 880. ఘనపరిమాణానికైతే 20 ఎత్తున్న స్థూపంలోంచి, పైన 7 సెం.మీ. భాగంలో మూడో వంతు తీసేయాలి. 3080లోంచి 359.33 పోతే 2720.67. ఒక్క నిమిషం పట్టే పరీక్ష ఇది.

ఇక చివరి మెలిక బొమ్మలో ఉండదు, ప్రశ్నలో ఉంటుంది. చేత్తో పట్టుకునే చెక్క బొమ్మైతే అడుగూ లెక్కలోకి వస్తుంది, జవాబు 1034. నేల మీద కట్టిన గుమ్మటానికి బయట రంగు వేయాలంటే అడుగు ఊసే లేదు, 880 చాలు. కాబట్టి లెక్క ఫొటో తీసి పంపేవారు బొమ్మ ఒక్కదాన్నే కత్తిరించకుండా, బాణాల కొసలూ ప్రశ్న వాక్యమూ పూర్తిగా కనిపించేలా తీయండి.